ఏడో బొమ్మలో లేని ఓహెచ్

మా మేనమామ చేతికి బ్లేడు దొరికితే కోరుట్లలో ఎవరి మొహం మీదా మచ్చ మిగిలేది కాదు. దుబాయి, మస్కటు పోయేవాళ్లు పాస్‌పోర్టు ఫొటోల కోసం ఆయన స్టూడియోకే వచ్చేవాళ్లు. ప్రింటు కడిగి ఆరబెట్టాక ఆయన కిటికీ దగ్గర కూర్చుని, సగానికి విరిచిన బ్లేడు కొసతో కాగితం మీది నల్ల చుక్కల్ని ఒక్కొక్కటిగా గీకేసేవాడు. పుట్టుమచ్చ అయినా సరే, దుమ్ము మరక అయినా సరే. "ఫొటో అంటే పాలలెక్క ఉండాలె బిడ్డా" అనేవాడు. మంచి పనివాడని పేరు. ఆ పనితనమే ఒకడి బతుకు తీసిందంటే ఆయన చనిపోయేదాకా ఒప్పుకోలేదు. నేనూ ఆయన బతికుండగా ఆ మాట గట్టిగా అనలేదు. నాకు అంత ముఖం లేదు.

మాది సిరిసిల్ల. మా నాయన మగ్గాల షెడ్డులో పని చేసేవాడు. ఇంటర్ చదువుకు నన్ను కోరుట్లలో మామ ఇంట్లో పెట్టారు. పాత బియ్యం మిల్లు షెడ్డును రెండుగా అడ్డం కట్టి నడిపే చిన్న కాలేజీ అది. కెమిస్ట్రీ సారు రోజూ జగిత్యాల నుంచి బస్సులో వచ్చేవాడు. అడవిలోని నక్సలైట్లు, అంటే అన్నలు, బంద్ అంటే బస్సు రాదు, పోలీసులు రోడ్డు మీద ఆపితే బస్సు ఆలస్యం. ఏడాదంతా ఇదే తంతు కాబట్టి ఆర్గానిక్ పాఠం సగంలోనే ఆగిపోయింది. అందుకని సారు ఒక ఉపాయం చేశాడు. ఒకే కాగితం మీద పన్నెండు నిర్మాణాలు గీసి, వాటికి ఐయూపీఏసీ పద్ధతిలో శాస్త్రీయ పేర్లు రాయించే పరీక్ష పెడతానన్నాడు. ఎవరు బాగా రాస్తే వాళ్లను జగిత్యాలలో తనకు తెలిసిన చోట ఫీజు లేకుండా ఎంసెట్ కోచింగుకు పంపిస్తానని ఆశ కూడా చూపించాడు.

సారుకు పొదుపెక్కువ. బొమ్మల్లో హైడ్రోజన్లు రాసేవాడు కాదు. ఉత్త కార్బన్లు, వాటి మధ్య గీతలు. "హైడ్రోజన్లు మీరే పెట్టుకోండ్రి, మీ చేతులకేం రోగం" అనేవాడు. కాగితం వృథా పోకుండా అంచు నుంచి అంచు దాకా గీసేవాడు. నా అక్షరం గుండ్రంగా ఉంటుందని ఆ కాగితం నా చేతికిచ్చి, పేపర్లు అచ్చుకొట్టే సైక్లోస్టైల్ స్టెన్సిల్ మీద సాఫుగా ఎక్కించి సోమవారం తెమ్మన్నాడు. "ఎవ్వలికీ చూపియ్యకు. చూపిస్తే నీ పేరు రిజిస్టర్ల ఉండది" అని కూడా అన్నాడు.

నేను ఆ కాగితాన్ని తిన్నగా మామ స్టూడియోకు తీసుకుపోయాను. ఫొటో తీసి ప్రింట్లు చెయ్యమన్నాను. మంచితనం కాదు, గొప్ప చూపించుకోవాలని. కాగితం నా దగ్గరుందని తెలిసి క్లాసులో నలుగురు నన్ను బతిమిలాడారు. నలుగురూ ఉన్నవాళ్ల పిల్లలు. ఒకరి తండ్రి మిల్లు యజమాని, ఇద్దరి తండ్రులు మస్కటులో, ఇంకొకరి పెదనాన్న ఊళ్లో పెద్దమనిషి. ఐదోవాడు మాత్రం అడగలేదు. నేనే ఇస్తానన్నాను. ఎందుకంటే ఆ పేర్లు పెట్టడం నాకు నేర్పింది అతనే.

అతని తల్లి బీడీలు చేసేది. కార్ఖానాలో అప్పగించడానికి పోయేటప్పుడు అతను బీడీల గంప మోసుకుంటూ కాలేజీ ముందు నుంచే పోయేవాడు. ఓసారి నాకు గొలుసు ఎంచుకోవడం రావడం లేదంటే, అరుగు మీద బీడీలు పేర్చి చూపించాడు. ఒక్కో బీడీ ఒక బంధం, దాని కొసలు కార్బన్లు. నాలుగు కార్బన్లు తిన్నగా వచ్చేలా మూడు బీడీలు పెట్టి, రెండో కార్బన్ కింద ఇంకో రెండు బీడీలు వంకరగా ఆనించాడు.

"ఇగో, దీని పేరేంది?"

"2-ఇథైల్ బ్యుటేన్" అన్నాను ధీమాగా.

"తప్పు. సక్కగ కనవడ్డదాన్ని చూసి మోసపోకు. వంకర పోయినా సరే, ఎటు పోతే ఎక్కువ కార్బన్లు దొరుకుతయో గదే అసలు గొలుసు. కింద కొస నుంచి లెక్కపెట్టు."

లెక్కపెట్టాను. ఐదు వచ్చాయి. మూడోదాని మీద ఒక్క మిథైల్ మిగిలింది. 3-మిథైల్ పెంటేన్. నవ్వాడు. "ఇగ ఆల్కహాల్‌ది ఓహెచ్ గిట్ల వచ్చిందనుకో, గప్పుడు అదే దొర. అది ఏ కొసకుంటే లెక్క గా కొస నుంచే మొదలు. కొమ్మలు ఎటున్నా మనకు ఫికర్ లేదు" అన్నాడు. పగటి పూట, పదిమంది చూస్తుండగా, ఒక ఆడపిల్లకు ఇంత ఓపికగా చెప్పిన మనిషిని నేను అంతవరకు చూడలేదు. ఆ ఓపిక చూసే నాకు అసూయ పుట్టింది. ఎప్పుడూ అతనే ఫస్టు. వాడికన్నా ఒక్క మార్కు, ఒకే ఒక్క మార్కు ఎక్కువ రావాలని దేవుళ్లందరికీ మొక్కేదాన్ని.

మామ కాగితాన్ని గోడకు గుచ్చి రెండు ఫొటోలు తీశాడు. అప్పుడే పోలీసు జీపు వచ్చింది. ఎక్కడో కాల్పులు జరిగాయనీ, శవాలకు ఫొటోలు తియ్యాలనీ. మామ మొహం కట్టెలా అయిపోయింది. ఆయనకది మొదటిసారి కాదు, కాని అలవాటు కూడా కాలేదు. కెమెరాలో రీలు మార్చుకునే టైం కూడా ఇవ్వలేదు. నా ప్రశ్నపత్రం ఉన్న రీలుతోనే జీపెక్కాడు.

సాయంత్రం వచ్చి స్నానం చేసి, అన్నం ముట్టకుండా చీకటి గదిలోకి పోయాడు. బయట బెంచీ మీద ఒక కానిస్టేబుల్ కాపలా. ఆ గదిలోనే, ఆ మందు నీళ్లలోనే, చచ్చినవాళ్ల మొహాలూ నా కార్బన్ గొలుసులూ పక్కపక్కన తేలాయి. నావి ఆరు ప్రింట్లు, ఐదు పంచడానికి, ఒకటి నాకు. రీలు తెగ్గోసి నా రెండు ముక్కలు తీసుకుందామంటే కానిస్టేబుల్ లెక్కపెట్టుకుంటాడు. "ఒక ముక్క తక్కువుంటే ఏడ దాసినవంటరు బిడ్డా" అని మామ రీలు మొత్తం అట్లాగే అప్పగించాడు. కాలేజీ కాగితం ఎవరు చూస్తారులే అనుకున్నాడు.

ఆ హడావిడిలో ప్రింటు పెట్టే ఫ్రేము కొంచెం లోపలికి జరిగింది. ప్రింట్లలో కాగితం కుడి అంచు సన్నగా తెగిపోయింది. ఏడో బొమ్మ ఆ అంచు మీదే ఉంది. నాలుగు కార్బన్లు వరసగా, రెండోదాని మీద ఒక కార్బన్ కొమ్మ, కుడి చివర ఒక ఓహెచ్. ప్రింట్లో ఓహెచ్ పోయింది. దాన్ని పట్టుకున్న గీత మాత్రం వెంట్రుకంత మిగిలింది. మామ తెల్లారి కిటికీ దగ్గర కూర్చుని, దాన్ని మరక అనుకుని, ఆరు ప్రింట్లలోనూ బ్లేడుతో శుభ్రంగా గీకేశాడు.

ఆదివారం నేను స్టెన్సిల్ ఎక్కించేటప్పుడు అసలు కాగితం ఒక పక్క, ఫొటో ఒక పక్క పెట్టుకున్నాను. ఏడోది చూడగానే తెలిసింది. ఓహెచ్ ఉంటే కుడి నుంచి లెక్క. కొమ్మ మూడో కార్బన్ మీద పడుతుంది. 3-మిథైల్-1-బ్యుటనాల్. ఓహెచ్ లేకపోతే కొమ్మకు చిన్న అంకె రావాలి కాబట్టి ఎడమ నుంచి లెక్క. 2-మిథైల్ బ్యుటేన్. ఒకటి ఆల్కహాలు, ఒకటి ఉత్త ఆల్కేను. ఫొటో చూసి చదివినవాళ్లందరూ రెండోదే రాస్తారు.

చెప్పాలి కదా. మిగతా ఐదు ప్రింట్లు అప్పటికే పంచేశాను. సోమవారం అతనికి ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. నాకు పన్నెండు వస్తాయి, అతనికి పదకొండు. నేను మొక్కుకున్న ఆ ఒక్క మార్కు దేవుడు బ్లేడుతో గీకి ఇచ్చాడనుకున్నాను. ఈ మాట రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. సిగ్గుతో చస్తున్నాను, అయినా రాస్తున్నాను.

పరీక్ష వాయిదా పడింది, సారు బస్సు రాలేదు. ఆ వారంలోనే కొత్త ఎస్సై ఒకడు ఆ రీలును వెలుతురుకు పట్టి చూశాడట. శవాల కన్నా ముందు ఈ గీతలేమిటి, ఈ ఆరుమూలల గూళ్లేమిటి, సీ సీ ఓహెచ్ అంటే ఎవరు, ఎటు దారి అని మామను కూర్చోబెట్టి అడిగాడు. మామ కాలేజీ కాగితం అన్నాడు. ఎవరు తెచ్చారంటే, ఇంట్లో కనుక్కుని వచ్చి చెబుతానని కాళ్లు పట్టుకుని మధ్యాహ్నం ఇంటికి వచ్చాడు.

"నీ పేరు చెప్తనా?" అన్నాడు నాతో. "ఇంకెవలికిచ్చినవ్ చెప్పు."

ఐదు పేర్లూ చెప్పాను. మామ వేళ్లు మడిచాడు. మిల్లాయన కొడుకు వద్దు. మస్కటు వాళ్లు మన గిరాకీలు. పెద్దమనిషి ఇంటి జోలికి పోతే రేపు స్టూడియో ఉండదు. చిటికెన వేలు మిగిలింది.

"బీడీలామె కొడుకు. వానెనుక ఎవ్వలు లేరు" అన్నాడు.

ఎవ్వలు లేకపోవడం కాదు, ఉన్నవాడు ఉండకూడని చోట ఉన్నాడు. అతని అన్న రెండేళ్ల కిందట ఇల్లు వదిలి అడవిలోకి పోయాడని ఊరంతా తెలుసు. మామకు తెలుసు. నాకూ తెలుసు. అత్త పప్పుకు పోపు పెడుతోంది, ఆ వాసన ఇంటినిండా ఉంది. నేను వద్దనలేదు.

మర్నాడు మొదటి పీరియడ్‌లోనే ఎస్సై కాలేజీకి వచ్చాడు. వయసులో చిన్నవాడు, నవ్వుమొహం. బీడీలామె కొడుకు పుస్తకంలో దొరికిన ప్రింటు ఎస్సై చేతిలో ఉంది. రీలు ఉన్న కవరు చొక్కా జేబులో ఉంది, పైకి కనిపిస్తూ. సారుకు నమస్కారం పెట్టి మరీ మాట్లాడాడు.

"సార్, నేను సుత బీఎస్సీనే. కెమిస్ట్రీల రెండుసార్లు తప్పిన. మీ అసొంటోళ్లే తప్పించిండ్రు" అని నవ్వాడు. "ఈ కాయిదం మీదేనా? ఈనికి మీరే ఇచ్చిండ్రా?"

సారు నా వైపు ఒకసారి చూశాడు. నాకిచ్చానంటే కాగితం బయటికి ఇచ్చినవాడు తానవుతాడు. గొంతు సవరించుకుని, "లేదండి. నా సంచిల నుంచి బయటికి పోలేదు" అన్నాడు. ఆ మాటతో అతను దొంగ కూడా అయ్యాడు.

"మంచిది. అయితే పరీక్ష ఇక్కడ్నే పెడదాం. ఈ ఫొటో చూసి ఈడు బోర్డు మీద పేర్లు రాస్తడు. మీరు మీ కాయిదం చూసి సరే, తప్పు అనుండ్రి. అన్నీ కలిస్తే పాఠం. కలవకపోతే ఇంకేందో. బరాబరేనా?"

అతను చాక్‌పీసు తీసుకున్నాడు. మొదటి పేరు మెల్లగా రాశాడు, రెండో బొమ్మకల్లా వేగం వచ్చింది. వాడికి పేర్లు పెట్టడమంటే అంత ఇష్టం. 3-మిథైల్ పెంటేన్ అని రాశాడు. సారు సరే అన్నాడు. 3-ఇథైల్-2-మిథైల్ పెంటేన్. ఇంగ్లీషు అక్షరాల వరసలో ఇథైల్ ముందు కదా, అంకె పెద్దదైనా దాన్నే ముందు రాశాడు. సరే. ఒకే గొలుసు మీద కీటోనూ ఓహెచ్ రెండూ ఉన్న బొమ్మ వస్తే, కీటోను ముందు ఓహెచ్ దొరతనం చెల్లదని దాన్ని పేరు ముందుకు నెట్టి 4-హైడ్రాక్సీ-2-పెంటనోన్ అని రాశాడు. సారు మొహంలో ఒక్క క్షణం గర్వం కనిపించింది. క్లాసంతా ఊపిరి పీల్చుకుంటోంది. ఎస్సై కూడా తలూపుతున్నాడు. ఆరు బొమ్మలు అట్లా అయిపోయాయి.

నాకు మాత్రం ఏడోది వస్తోందని తెలుసు.

2-మిథైల్ బ్యుటేన్ అని రాశాడు.

సారు కాగితం చూశాడు. మళ్లీ చూశాడు. "తప్పు" అన్నాడు.

"ఎంత తప్పు?" అన్నాడు ఎస్సై.

"మొత్తమే తప్పు. నా కాయిదంల అసలు ఆ బొమ్మే లేదు."

ఆ కాగితాన్ని ఫొటో పక్కన పెట్టి చూస్తే పసిపిల్లవాడికైనా తెలుస్తుంది, చివర ఏదో తెగిందని. సారు పెట్టలేదు. బోర్డు మీది పేరు వరకే ఆయన పరిధి. ముప్పై ఏళ్లు ఎర్ర సిరాతో బతికిన మనిషి, తప్పు కనిపిస్తే తప్పనడం తప్ప ఇంకేమీ రాదు.

అతను సారు చేతిలోని కాగితం వైపు మెడ చాచాడు. వాడి చూపు చురుకు. "సార్, మీ దాంట్లె కొసకు ఓహెచ్..." అన్నాడు.

ఎస్సై అతని ఎడమ చెంప మీద కొట్టాడు. చెవి మీద పడింది. చాక్‌పీసు విరిగి నా బెంచీ కిందికి దొర్లింది. "బొమ్మ మార్చినవన్నట్టు. ఎవనికి పంపుతానవ్ రా? మీ అన్నకేనా?" అన్నాడు, అదే నవ్వుమొహంతో.

దెబ్బ తిన్నవాడు నా వైపు చూశాడు. నిందగా కాదు. లెక్క రానప్పుడు పక్కవాడిని అడిగినట్టు చూశాడు. నా నోట్లో మాట తయారుగా ఉంది. 'సార్, ఫొటోల అంచు తెగింది, మీ జేబుల ఉన్న రీలు కిటికీకి పట్టి చూడుండ్రి, ఓహెచ్ కనవడ్తది.' ఇంతే. రీల్లో అంచు తెగలేదు, ప్రింట్లోనే తెగింది. సాక్ష్యం ఆ ఎస్సై గుండెల మీదే ఉంది. లేచి నిలబడితే చాలు. నేను కిందికి చూస్తూ, కాలితో ఆ చాక్‌పీసు ముక్కను నొక్కుకుంటూ కూర్చున్నాను. అతన్ని ఎక్కించుకుని జీపు పోయేలోపు అది పిండి పిండి అయింది.

అతను స్టేషన్లో ఉండగానే సారు పరీక్ష పెట్టాడు. పేపరు నేను ఎక్కించిన స్టెన్సిలే. అందులో ఏడో బొమ్మకు ఓహెచ్ స్పష్టంగా ఉంది. అయినా ఫొటో తీసుకున్న ఆ నలుగురూ, బట్టీ పట్టిన పాపానికి, ఎదురుగా ఓహెచ్ కనిపిస్తున్నా వరస తప్పకుండా 2-మిథైల్ బ్యుటేన్ అని రాసి వచ్చారు. సారు నాలుగు పేపర్లూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని ఏడో జవాబులు పోల్చి చూశాడు. ఆయనకు అప్పుడు అంతా తెలిసింది. ఎక్కడ తెగిందో, ఎందుకు తెగిందో, లోపల ఉన్నవాడు ఏం పాపం చెయ్యలేదని కూడా తెలిసింది. స్టేషను కాలేజీకి నడిచేంత దూరమే. ఆయన ఎర్ర పెన్ను తీసి నలుగురికీ తలా ఒక మార్కు కోసి, నాలుగున్నర బస్సుకు జగిత్యాల పోయాడు.

నాకు పన్నెండుకు పన్నెండు. కోచింగుకు నన్నే పంపాడు. పోయాను కూడా.

అతను పన్నెండు రోజులకు బయటికి వచ్చాడని విన్నాను. కుడిచేతి రెండు వేళ్లు వంగడం లేదన్నారు. పబ్లిక్ పరీక్షలు రాయలేదు. తల్లి బీడీల గంప తానే మోసుకుంటూ పోతుంటే ఒకసారి చూసి, సందులోకి తిరిగిపోయాను.

చాలా ఏళ్ల తర్వాత, అప్పటికి నేను కూడా ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్నాను, సిరిసిల్లలో మా నాయన పని చేసిన షెడ్డుకు ఏదో పని మీద పోయాను. నలభై మరమగ్గాలు ఒక్కసారిగా కొట్టుకుంటున్నాయి. మూలన ఆడవాళ్ల మధ్య కూర్చుని ఒక మగమనిషి మగ్గాలకు పెట్టే దారం కండెలు చుడుతున్నాడు. దారం తెగితే అతకడం అతనికి రావడం లేదు, పక్కనున్న ముసలమ్మ అతికి పెడుతోంది. ఆ రెండు వేళ్లూ కర్రల్లా నిలబడి ఉన్నాయి.

గుర్తుపట్టాడు. "మంచిగున్నవా?" అన్నాడు. కూర్చోమని ఖాళీ డబ్బా చూపించాడు.

నేను కూర్చుని అంతా చెప్పేశాను. ఫ్రేము జరగడం, బ్లేడు, ఆదివారం నాడే నాకు తెలియడం, మామ వేళ్లు మడవడం, ఎస్సై జేబులో రీలు. ఏడుస్తూ చెప్పాను. అతను కండె తిప్పుతూనే ఉన్నాడు. తలను ఒక పక్కకు వంచి కుడి చెవి నా వైపు పెట్టాడు. ఎడమది ఎస్సై కొట్టిన ఆ దెబ్బకే పోయిందట.

చివరికి, "అయితే గా ఏడోదాని పేరేంది?" అన్నాడు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగాడు. ఇన్నేళ్లూ ఎవరూ అతనికి చెప్పలేదు మరి.

చెప్పాను. నా గొంతు నాకే వినిపించలేదు.

అతను కండె ఆపాడు. మొదటిసారి నా కళ్లలోకి సూటిగా చూశాడు.

"గా దినం గింత మెల్లగ చెప్పినా ఇనొస్తుండె నాకు" అన్నాడు. "ఇప్పుడు ఇనరాదు. జర గట్టిగ చెప్పు."

నలభై మగ్గాల మధ్య లేచి నిలబడి, పిల్లలకు రోజూ చెప్పే ఆ పేరును గొంతు చించుకుని అరిచాను. ఆడవాళ్లు పని ఆపి చూశారు. అతను వేళ్ల మీద నాలుగు కార్బన్లు లెక్కపెట్టుకున్నాడు, కుడి నుంచి. సరిపోయిందన్నట్టు తలూపి, మళ్లీ కండె అందుకున్నాడు.